వానలో బ్రేక్ వేసినా బండి ఎందుకు ఆగలేదు: ఆలోచనా దూరం, బ్రేకింగ్ దూరం లెక్క

ప్రశ్న: మొన్న సాయంత్రం చినుకులు మొదలైన పది నిమిషాలకు గచ్చిబౌలి వైపు ఫ్లైఓవర్ దిగుతున్నాను. స్పీడు 55 ఉంటుంది. కింద ట్రాఫిక్‌లో ఆగి ఉన్న కారు కనబడగానే బ్రేక్ గట్టిగా తొక్కాను. పెడల్ కాలి కింద దడదడలాడింది కానీ బండి ఆగలేదు, వెళ్లి గుద్దేశాను. ప్యాడ్లు పోయిన నెలే మార్పించాను, ఏబీఎస్ కూడా ఉంది. మెకానిక్ బ్రేకుల్లో ఏ తప్పూ లేదంటున్నాడు. రోజూ అదే చోట, అదే స్పీడులో హాయిగా ఆగుతాను. మరి ఆ రోజు ఏమైంది? పదో తరగతి చదివే మా అబ్బాయేమో ఆలోచనా దూరం, బ్రేకింగ్ దూరం అని ఏదో చెప్తున్నాడు. తడి రోడ్డు వల్ల పెరిగేది రెండోదేనట. నిజమేనా?

జవాబు:

మీ మెకానిక్ చెప్పింది నిజమే అయ్యుంటుంది. మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా ఏళ్ల తరబడి నలిగిన బంపర్లు చూస్తూ వచ్చాను. తొలకరి వారంలో వచ్చే క్లెయిముల్లో సగం కథ ఇదే: బ్రేకులు కొత్తవి, బండి మంచిది, డ్రైవరు అనుభవం ఉన్నవాడు, అయినా ముందు బండిని గుద్దేశాడు. మీ కేసులో అసలు ఆధారం మీరే రాశారు, పెడల్ కాలి కింద దడదడలాడిందని. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ ఫ్లైఓవర్ మీద ఏం జరిగిందో మీటర్లలో చూద్దాం.

లెక్క తేలిగ్గా ఉండటానికి మీ స్పీడు 54 అనుకుందాం. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. స్పీడోమీటర్ అంకెను 3.6తో భాగిస్తే చాలు. ఆ ఆగి ఉన్న కారు మీకు 40 మీటర్ల దూరంలో కనబడిందనుకుందాం. కారు పొడవు నాలుగు మీటర్లు వేసుకున్నా పది కార్ల దూరం. ఎవరైనా అది చాలా ఎక్కువ దూరమే అంటారు.

కారు కంట్లో పడటం, అది కదలడం లేదని మనసుకు తట్టడం, యాక్సిలరేటర్ మీది కాలు తీసి బ్రేక్ మీద వేయడం, ఇదంతా అయ్యేదాకా బండికి ఈ సంగతే తెలియదు. అది తన 15 మీటర్ల చొప్పున పోతూనే ఉంటుంది. దీన్నే మీ అబ్బాయి పుస్తకంలో ఆలోచనా దూరం అన్నారు. రోడ్డు మీదే ధ్యాస ఉన్న మనిషికి ఇదంతా జరగడానికి సుమారు ఒక సెకను పడుతుంది. అంటే 15 మీటర్లు అయిపోయాయి, బ్రేక్ ఇంకా మొదలే కాలేదు.

సెకను పడుతుందంటే చాలామంది నమ్మరు. స్కూల్లో స్కేలు పట్టుకునే ప్రయోగం ఉంటుంది. ఒకరు పైనుంచి స్కేలు వదిలితే ఇంకొకరు వేళ్లతో పట్టుకుంటారు. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీ ప్రతిస్పందన 0.2 సెకను అని తేలుతుంది. అది చూసి నా చేతులు చురుకు అనుకుంటాం. కానీ అక్కడ స్కేలు పడుతుందని ముందే తెలుసు, వేళ్లు సిద్ధంగా ఉన్నాయి, చేయాల్సిన పని ఒక్కటే. రోడ్డు మీద ఏం జరగబోతోందో తెలియదు, ముందున్న ఎర్ర లైటు మామూలు బ్రేక్ లైటా, ఆగిపోయిన బండా అన్నది తేల్చుకోవాలి, ఆ తర్వాత కాలు ఒక పెడల్ నుంచి ఇంకో పెడల్‌కు ప్రయాణించాలి. అందుకే రోడ్లు డిజైన్ చేసే ఇంజనీర్లు డ్రైవర్‌కు ఒక సెకను కూడా చాలదనుకుంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో ఈ దశకు 2.5 సెకన్లు కేటాయించారు. గంటకు 50 కిలోమీటర్ల వేగానికి డ్రైవర్‌కు ముందు కనీసం 60 మీటర్ల రోడ్డు కనబడాలని అందులోనే ఉంది. మీకు దొరికింది 40. మన ఫ్లైఓవర్ల దిగుడులో అయితే దూరం రోడ్డు ఆకారం వల్ల తగ్గకపోయినా ముందు వెళ్లే బస్సో, క్యాబో అడ్డం ఉండటం వల్ల తగ్గిపోతుంది. అది పక్క లేన్‌లోకి తప్పుకున్నాకే ఆగిన కారు బయటపడుతుంది.

సరే, మీకు ఒక్క సెకనే ఇద్దాం. 40లో 15 పోతే మిగిలింది 25 మీటర్లు. ఇక బ్రేకింగ్ దూరం.

దీనికి సూత్రం ఒక్కటే:

```
బ్రేకింగ్ దూరం = వేగం × వేగం ÷ (2 × తగ్గుదల)
```

వేగం సెకనుకు మీటర్లలో. తగ్గుదల అంటే ప్రతి సెకనుకూ ఆ వేగం ఎంత తగ్గుతోందన్నది. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, బ్రేక్ పూర్తిగా తొక్కితే కారుకు సెకనుకు 7 మీటర్ల వేగం దాకా తగ్గుతుంది. ఫ్లైఓవర్ దిగుడులో ఉన్నారు కాబట్టి అందులో కొంత కోత పడుతుంది. 100 మీటర్లకు 5 మీటర్లు దిగే వాలులో ఆ కోత సుమారు 0.5. అంటే 6.5 అనుకోండి. 15 ఇంటూ 15 అంటే 225, దాన్ని 13తో భాగిస్తే 17 మీటర్ల పైచిలుకు. మీ దగ్గర 25 ఉన్నాయి. దాదాపు 8 మీటర్లు మిగిలాయి. రోజూ మీరు హాయిగా ఆగడానికి కారణం ఈ 8 మీటర్లు. నిజానికి రోజూ అంత గట్టిగా తొక్కాల్సిన పని కూడా పడి ఉండదు. అందుకే ఆ మిగులు ఎంత సన్నగా ఉందో ఎప్పుడూ తెలియలేదు.

ఇప్పుడు రోడ్డు తడిసింది. మామూలుగా తడిసిన తారు రోడ్డు మీద, ఫర్వాలేదనిపించే టైర్లతో తగ్గుదల 4.5 దాకా రావచ్చు. వాలు కోత పోగా 4. ఇప్పుడు 225ను 8తో భాగిస్తే 28 మీటర్లు. మీ దగ్గర ఉన్నది 25. మూడు మీటర్లే కదా తక్కువ, బంపర్ మెల్లగా తగులుతుంది అనుకుంటాం. కానీ బ్రేకింగ్‌లో చివరి మీటర్లు అంత అమాయకమైనవి కావు. 25 మీటర్లు పూర్తయ్యేసరికి మీ బండి ఇంకా సెకనుకు 5 మీటర్ల వేగంతో, అంటే గంటకు 18 కిలోమీటర్లతో వెళ్తూ ఉంటుంది. ఆ వేగంతో ఆగి ఉన్న కారును గుద్దితే బంపర్, గ్రిల్, హెడ్‌లైట్ పోతాయి, ఒక్కోసారి రేడియేటర్ కూడా.

అయితే మీరు రాసింది మామూలు తడి గురించి కాదు. చినుకులు మొదలైన పది నిమిషాలకు అన్నారు. అదే అన్నిటికంటే చెడ్డ సమయం.

మార్చి నుంచి జూన్ దాకా మన రోడ్ల మీద ఏం పేరుకుంటుందో ఆలోచించండి. కన్‌స్ట్రక్షన్ లారీల నుంచి పడే సన్నటి దుమ్ము, బండ్ల నుంచి కారిన ఇంజన్ ఆయిల్, డీజిల్, అరిగిన టైర్ల రబ్బరు పొడి, పొగ మసి. ఇవి రోడ్డులోని కంకర రాళ్ల గరుకు మధ్య కూరుకుపోతాయి. భారీ వాన పడితే కాసేపటికి చాలావరకు కడిగేస్తుంది. చినుకులు మాత్రం కడగవు, కలుపుతాయి. నీళ్లు, నూనె, దుమ్ము కలిసి జిగురు లాంటి పల్చటి పొర తయారవుతుంది. రోడ్డు చూడటానికి కాస్త నల్లబడినట్టుంటుంది, అంతే. నీళ్లు నిలబడి కనబడవు కాబట్టి ఎవరూ స్పీడు తగ్గించరు. జోరున కురిసినప్పుడు భయపడి నెమ్మదిగా వెళ్లే మనిషే ఈ చినుకుల్లో మామూలుగా పోతాడు. నాకు తెలిసి ఇందులోనే అసలు ప్రమాదం ఉంది.

ఈ పొర మీద తగ్గుదల వాలు కోత పోగా 3 దాకా పడిపోయిందనుకుందాం. బ్రేకింగ్ దూరం 225ను 6తో భాగిస్తే 37 మీటర్లు దాటుతుంది. మీకున్న 25 మీటర్లు అయిపోయేసరికి వేగం ఇంకా గంటకు 31 కిలోమీటర్లు. అదే చోటు, అదే కారు, అదే కాలు. రోజూ 8 మీటర్ల ముందు ఆగే బండి ఆ రోజు 31తో వెళ్లి గుద్దింది. మీ బండి ఫొటోలు నేను చూడలేదు కానీ, బానెట్ కూడా మడత పడి ఉంటే ఈ రెండో లెక్కే నిజానికి దగ్గర.

తడి ఎందుకింత తేడా తెస్తుందో చెప్తాను. బ్రేకు ఆపేది చక్రం తిరగడాన్ని మాత్రమే. బండిని వెనక్కి పట్టి ఆపే బలం టైరు రోడ్డును ఆనుకున్న చోట పుడుతుంది. ఆ చోటు ఒక్కో టైరుకు సుమారు అరచేయంత. అక్కడ రబ్బరు కంకర గరుకులోకి కొద్దిగా దిగి, రాతికి అతుక్కుని, జారబోతుంటే నలుగుతూ పట్టు ఇస్తుంది. మధ్యలో నీళ్లు చేరితే రబ్బరు రాయిని ముట్టుకోవాలంటే ముందు ఆ నీటిని పక్కకు నెట్టాలి. దానికి ఎంత సమయం ఉంటుంది? ఆనిన చోటు పొడవు 15 సెంటీమీటర్లు అనుకుంటే, సెకనుకు 15 మీటర్ల వేగంలో టైరులోని ఏ ముక్కైనా రోడ్డును తాకి ఉండేది సెకనులో నూరో వంతు. ఆ నూరో వంతులోనే నీళ్లు గాడుల్లోకి దూరి బయటికి పోవాలి, మిగిలిన సన్నటి పొరను రాళ్ల మొనలు చీల్చాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. ముందు సగం నీళ్లు నెట్టడానికే సరిపోతే, పట్టుకు మిగిలేది వెనక సగమే.

ఇంట్లో తడిసిన తాండూరు బండల మీద అరిగిన హవాయి చెప్పులతో నడిచినవాళ్లకు ఇది అనుభవమే. చెప్పు అడుగున గీతలు పోయాయి, బండ నున్నగా ఉంది, నీళ్లకు దారి లేదు. టైరు గాడులు అరిగి, రోడ్డు రాళ్లు బండ్ల రాపిడికి మెరుగు పట్టితే సరిగ్గా ఇదే జరుగుతుంది. ఫ్లైఓవర్ దిగే చోట, సిగ్నళ్ల దగ్గర అందరూ బ్రేకులు వేస్తారు కాబట్టి అక్కడి రాళ్లే ఎక్కువ నునుపెక్కుతాయి. అంటే పట్టు ఎక్కడ బాగా అవసరమో అక్కడే తక్కువ. జీబ్రా గీతల తెల్ల పెయింటు, ఫ్లైఓవర్ జాయింట్ల ఇనుప పట్టీలు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే ఇంకా ఘోరం. బైకు నడిపేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

స్పీడు పెరిగేకొద్దీ ఆ నూరో వంతు ఇంకా చిన్నదవుతుంది. ఔటర్ మీద 90, 100లో నీళ్లు నిలిచిన చోటికి వెళ్తే ఒక దశలో టైరుకు నీళ్లు నెట్టే వ్యవధే చాలక, నీటి మీదే తేలిపోతుంది. అప్పుడు స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, బ్రేక్ తొక్కినా ఫలితం ఉండదు. గాలి తక్కువగా ఉన్న టైరు ఇంకా తక్కువ స్పీడులోనే తేలుతుంది. మీ కేసు అది కాదు. 54లో చినుకుల తడికి తేలడం ఉండదు, జారడమే ఉంటుంది.

ఇప్పుడు పెడల్ దడదడ సంగతి. చక్రం పూర్తిగా బిగుసుకుని జారబోతుంటే ఏబీఎస్ ఆ చక్రం బ్రేక్‌ను క్షణం పాటు వదిలి మళ్లీ పట్టుకుంటుంది, అలా సెకనులో చాలాసార్లు. కాలికి తెలిసే వణుకు అదే. అంటే మీ బ్రేకులు రోడ్డు ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ బలంతో పట్టుకున్నాయి. ఏబీఎస్ పని చేసిందంటే లోటు ప్యాడ్లలో లేదు, రోడ్డుకూ రబ్బరుకూ మధ్య పట్టులో ఉందని అర్థం. గుద్దిన బండిలో తప్పు బ్రేకుదా, పట్టుదా అని తేల్చడానికి నేను డ్రైవర్లను మొదట అడిగేది ఇదే. పెడల్ వణికిందా, లేక మెత్తగా కిందికి దిగిపోయిందా, లేక రాయిలా గట్టిపడి కదల్లేదా? దిగిపోతే ఫ్లూయిడ్ చూడాలి, గట్టిపడితే కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే బూస్టర్ చూడాలి. వణికితే వంగి టైర్లు చూస్తాను. ఏబీఎస్ మీకు ఇచ్చింది స్టీరింగ్, దూరం కాదు. అది లేకపోతే చక్రాలు బిగుసుకుని బండి తిన్నగా జారేది. అది ఉంది కాబట్టి, పక్క లేన్ ఖాళీగా ఉంటే బ్రేక్ తొక్కి పట్టుకునే తిప్పుకుని తప్పుకోవచ్చు. ఆ వణుకుకు భయపడి చాలామంది కాలు వదిలేస్తారు. వదలకూడదు.

కాబట్టి ప్యాడ్ల బిల్లు పక్కన పెట్టి టైర్లు చూసుకోండి. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు పక్కగోడ మీద చిన్న త్రిభుజమో, TWI అనే అక్షరాలో ఉన్న చోటికి సూటిగా పైన చూస్తే దొరుకుతాయి. కారు టైరులో ఆ గట్టు ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు అయిపోయినట్టు. నన్నడిగితే వానాకాలానికి అంతదాకా ఆగకూడదు, 3 మిల్లీమీటర్లకు రాగానే మార్చేయాలి. కొత్త టైరులో గాడి లోతు 8 దగ్గర ఉంటుంది కాబట్టి 3 అంటే నీళ్లకు ఉన్న దారిలో సగానికి పైగా మూసుకుపోయినట్టే. ఇంకోటి, పక్కగోడ మీదే కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. మన ఎండలకు ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడిపోతుంది. గాడులు నిండుగా ఉన్నా రాతి గరుకులోకి దిగదు. వారానికి ఒకసారే బయటికి తీసే బండ్లలో ఈ తంటా ఎక్కువ. చూడటానికి కొత్త టైరు, చేతికి ప్లాస్టిక్.

గుద్దకుండా ఉండాలంటే ఆ రోజు ఏ స్పీడులో ఉండాల్సింది? మళ్లీ అదే 40 మీటర్లు తీసుకుందాం. 45లో వెళ్తుంటే సెకనుకు 12.5 మీటర్లు. ఆలోచనకు 12.5 పోతాయి. మామూలు తడిలో బ్రేకింగ్‌కు 19.5. మొత్తం 32. పొడి రోడ్డు మీద 54లో ఆగే చోటే ఆగుతారు, 8 మీటర్ల మిగులుతో సహా. చినుకుల జిగురు మీద కూడా 26 మీటర్ల బ్రేకింగ్‌తో కలిపి 38.5 దగ్గర ఆగుతుంది. ఇరుకే కానీ గుద్దరు. 40లో ఉంటే ఆ జిగురు మీదా 32 లోపే. స్పీడులో తగ్గింది 14 కిలోమీటర్లే అయినా 31తో జరిగే గుద్దుడు 8 మీటర్ల ఖాళీగా మారింది. వేగాన్ని వేగంతోనే గుణిస్తాం కాబట్టి కొంచెం తగ్గించినా బ్రేకింగ్ దూరం చాలా తగ్గుతుంది.

ముందు బండికి నాలుగు సెకన్ల ఎడం ఉంచండి అని పుస్తకాల్లో ఉంటుంది, మంచిదే. కానీ పంజాగుట్టలో ఆ ఎడం ఉంచితే అందులో రెండు బైకులు, ఒక ఆటో దూరతాయి. సిటీలో మన చేతిలో ఉన్నది స్పీడే. ఎడం అనే సలహా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద, ఔటర్ మీద వాడుకోండి.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. పరీక్షలో రాయడానికి వాడు చెప్పింది సరైనదే. తడి రోడ్డు బ్రేకింగ్ దూరాన్నే పెంచుతుంది, ఆలోచనా దూరాన్ని నిర్ణయించేవి బండి వేగం, డ్రైవర్ ధ్యాస. రోడ్డు తడిస్తే మెదడు నెమ్మదించదు. కానీ నిజం వానలో రోడ్డు ఒక్కటే తడవదు. అద్దం మీద నీళ్లు, లోపల ఆవిరి, అరిగిన వైపర్ వదిలే గీతలు, ఎదుటి బండ్ల లైట్లు తడి తారు మీద చెదిరిపోవడం, వీటివల్ల ఆగి ఉన్న కారును ఆగి ఉన్నదని పోల్చుకోవడమే ఆలస్యమవుతుంది. దీనికి అర సెకను వేసుకున్నా చాలు. మీ లెక్కలో ఒక సెకను బదులు సెకనున్నర పెట్టండి. ఆలోచనకే 22.5 మీటర్లు పోయి, బ్రేక్‌కు 17.5 మిగులుతాయి. మామూలు తడిలో గంటకు 18తో గుద్దేది కాస్తా 33 అవుతుంది. ఫోన్ మోగితే అటు చూపు పడటానికీ ఆ అర సెకనే పడుతుంది.

వాడు ఇంకో ప్రశ్న కూడా అడుగుతాడు: బండి బరువు పెరిగితే దూరం పెరగదా అని. టైర్లు జారే హద్దులో ఉన్నప్పుడు, బ్రేకులకు బలం చాలినంత వరకు, పెద్దగా పెరగదు. బరువు ఎక్కువైతే ఆపాల్సిన శక్తి ఎంత పెరుగుతుందో, టైరును రోడ్డుకు అదిమే బలమూ అంతే పెరుగుతుంది, రెండూ లెక్కలో కొట్టుకుపోతాయి. పైన సూత్రంలో బరువు కనబడకపోవడానికి కారణం అదే. లారీలు, బస్సులు ఎక్కువ దూరం తీసుకునేది వేరే కారణాల వల్ల. వాటి టైరు రబ్బరు మన్నిక కోసం గట్టిగా ఉంటుంది, ఎయిర్ బ్రేకుల్లో గాలి పైపుల గుండా చక్రం దాకా చేరడానికి కొంత ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యంలో బండి వెళ్లిన దూరాన్ని ఆలోచనా దూరంలో కలపాలా, బ్రేకింగ్ దూరంలోనా అని వాణ్నే వాళ్ల సార్‌ను అడగమనండి. నన్నడిగితే మొదటిదాంట్లోనే కలుపుతాను, ఎందుకంటే అప్పటికి వేగం ఇంకా తగ్గడం మొదలుకాలేదు.